ఎంసీబీ చూడని మంట

ఎండాకాలంలో కాలిపోయిన స్విచ్‌బోర్డు ముందు నిలబడి ఇంటివాళ్లు ఎలక్ట్రీషియన్‌ని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: “ఎంసీబీ పడలేదు కదండీ, మరి ఎలా కాలింది?” అడిగే తీరులో కాస్త నిష్ఠూరం కూడా ఉంటుంది. పాతకాలపు ఫ్యూజు కట్టలు తీసేసి, వేలకు వేలు పోసి కొత్త బోర్డు పెట్టించుకున్నది ఇలాంటివి జరక్కుండా ఉండటానికేగా అని. దానికి చాలామంది ఇచ్చే జవాబు “షార్ట్ సర్క్యూట్ అయిందండీ” అనే. మర్నాడు పేపర్లోనూ అదే మాట వస్తుంది. 2025 మే 18న హైదరాబాద్ పాతబస్తీ గుల్జార్ హౌజ్‌లో పిల్లలతో సహా 17 మందిని పొట్టనపెట్టుకున్న ప్రమాదంలోనూ అధికారుల నోట వచ్చిన తొలి మాట అదే.

నిజంగా మొదట షార్ట్ సర్క్యూటే అయితే ఎంసీబీ పడాలి. అది ఉన్నదే అందుకు. ఫేజు తీగా న్యూట్రల్ తీగా నేరుగా తగిలితే వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా దూసుకొస్తుంది. ఎంసీబీ లోపలున్న అయస్కాంతం రెప్పపాటులో దాన్ని తెంచేస్తుంది. పడలేదంటే మంట పుట్టుక వేరేచోట ఉందన్నమాట. ఎక్కడో ఓ మూల చాలాసేపు, ఒక్కోసారి చాలా వారాలు, వేడి పోగుపడింది. ఇన్సులేషన్ మెత్తబడింది, నల్లబడింది, చివరికి అంటుకుంది. తీగలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయింది ఆ తర్వాత. అంటే షార్ట్ సర్క్యూట్ చాలాసార్లు మంటకు కారణం కాదు, మంట తెచ్చిన ఫలితం.

మన ఇళ్లలో ఎక్కువ కరెంటు లాగేవి ఏసీ, గీజరు. రోజంతా ఆగకుండా ప్లగ్గులో ఉండేది ఫ్రిజ్జు. ఈ మూడింటి ప్రమాదాల్లోనూ పైకి కనిపించే కారణాలు రకరకాలుగా ఉంటాయి గానీ, తవ్వుకుంటూ పోతే చాలావాటి అడుగున ఒక వదులు జాయింటు తగులుతుంది.

ఒక స్క్రూ కథ

విజయవాడలో రెండు పడకగదుల ఫ్లాటు ఒకటి అనుకుందాం. పడకగదిలో టన్నున్నర స్ప్లిట్ ఏసీ. ఇల్లు మారినప్పుడు పాతింట్లోంచి విప్పి తెచ్చి బిగించారు. మే నెల మధ్యాహ్నం అది లాగే కరెంటు సుమారు 8 ఆంపియర్లు. గోడలో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, బోర్డులో 20 ఆంపియర్ల ఎంసీబీ. కాగితం మీద ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

ఆ తీగ సాకెట్ వెనక ఇత్తడి టెర్మినల్‌లోకి వెళ్తుంది. అక్కడో చిన్న స్క్రూ దాన్ని అదిమి పడుతుంది. బిగించిన రోజు జాయింటు గట్టిగా ఉంటే దాని నిరోధం ఓములో వెయ్యోవంతుల లెక్కలో ఉంటుంది, అక్కడ పుట్టే వేడి ఒక వాట్ కూడా ఉండదు. కానీ బిగించినతను తొందరలో ఉన్నాడు. తీగలోని పోగుల్లో రెండు మూడు బయటే ఉండిపోయాయి, స్క్రూ ఇంకో అరచుట్టు తిరగాల్సింది తిరగలేదు. రాత్రి ఏసీ నడిచినప్పుడు ఆ చోటు వేడెక్కి రాగి వ్యాకోచిస్తుంది, పగలు ఆపితే చల్లబడి సంకోచిస్తుంది. రోజూ ఇదే సాగుతుంటే పట్టు ఇంకాస్త సడలుతుంది. సడలిన సందులోకి గాలి చేరి రాగి మీద నల్లటి ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర కరెంటుని సరిగా పోనివ్వదు, అందుకని వేడి ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు ఆ జాయింటు నిరోధం 0.4 ఓములకు చేరిందనుకోండి. వేడి లెక్క కట్టాలంటే కరెంటుని దానితోనే గుణించి, వచ్చినదాన్ని నిరోధంతో గుణించాలి. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, దాన్ని 0.4తో గుణిస్తే దాదాపు 25 వాట్లు. రేడియోలు బాగుచేసేవాళ్లు తగరం కరిగించడానికి వాడే సోల్డరింగ్ ఐరన్ కూడా అంతే, 25 వాట్లు. అలాంటి ఐరన్ ఒకటి ఆన్‌లో పెట్టి, సాకెట్ డబ్బాలో మూసేసి, రాత్రంతా దాని పక్కన పడుకున్నట్టు లెక్క. తీగ మీద ఉండే పీవీసీ తొడుగు ఎప్పటికీ తట్టుకోగలిగేది 70 డిగ్రీల సెల్సియస్ వేడినే.

ఎంసీబీకి ఇదంతా ఎందుకు తెలియదు? దానికి తెలిసింది తన గుండా ఎంత కరెంటు పోతోందన్నది ఒక్కటే. పోతున్నది 8 ఆంపియర్లు. తన హద్దు 20. వదులు జాయింటు వల్ల కరెంటు పెరగదు సరికదా, రవ్వంత తగ్గుతుంది. ఏసీకి కూడా తేడా తెలియదు. 230 వోల్టుల్లో ఆ జాయింటు దగ్గర పోయేది మూడు వోల్టులు, గది ఎప్పట్లాగే చల్లగా ఉంటుంది. షాక్ కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీకి కూడా ఇది పట్టదు. కరెంటు ఎర్త్‌లోకి కారిపోతేనే అది స్పందిస్తుంది, ఇక్కడ కారడం లేదు. ఇలాంటి జాయింట్లలో పుట్టే నిప్పురవ్వల్ని పసిగట్టే పరికరాలు ప్రపంచంలో లేకపోలేదు గానీ మన ఇళ్ల బోర్డుల్లో అవి అరుదు. కాబట్టి కనిపెట్టాల్సింది మన ముక్కూ, చెయ్యీ, కన్నే.

ముందు ముక్కు సంగతి. స్విచ్చులూ సాకెట్లూ చేసే కొన్ని రకాల ప్లాస్టిక్ అతిగా వేడెక్కితే కుళ్లిన చేపల వాసన వస్తుంది. వంటింట్లో చేపలు లేకుండా, రాత్రి ఏసీ వేసిన గంటకి పడకగదిలో ఆ వాసన తగిలితే చెత్తడబ్బా కోసం వెతక్కండి, సాకెట్ దగ్గరికి వెళ్లండి. ఇక చెయ్యి. ఏసీ గంటసేపు నడిచాక సాకెట్ ముఖం మీద అరచేతి వెనుక భాగం ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఉంచలేనంత వేడిగా ఉంటే ఆ రాత్రికి ఏసీ లేనట్టే. మామూలుగా ఉన్నా, ఏసీని రిమోట్‌తో ఆపి, గోడ స్విచ్చు కట్టేసి, ప్లగ్గు లాగి పిన్నులు చూడండి. మూడింటిలో ఒకటి మాత్రమే గోధుమరంగుకి తిరిగినా, దాని చుట్టూ ప్లాస్టిక్ పొంగినా కారణం ఆ ఒక్క చోటే ఉంది. ఏసీ కంప్రెసర్ అందుకోగానే సాకెట్లోంచి చిటచిటమని సన్నటి శబ్దం రావడం మరో గుర్తు, అది అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే గుర్తు.

ఇక్కడ మనవాళ్లు చేసే పని ఒకటుంది. కాలిన ప్లగ్గు తీసేసి కొత్త ప్లగ్గు తెచ్చి అదే పాత సాకెట్లో పెడతారు. ప్లగ్గుని కాల్చిన వేడికి సాకెట్ లోపలి ఇత్తడి పట్టీ కూడా స్ప్రింగు గుణం పోగొట్టుకుని ఉంటుంది. కొత్త పిన్నుని గట్టిగా పట్టుకోదు, నెల తిరక్కుండా కొత్త ప్లగ్గుకీ అదే గతి. మార్చాలంటే రెండూ మార్చాలి. తీగ చివర నల్లబడినంత మేరా కత్తిరించి, రాగి మెరిసే చోటు నుంచి మళ్లీ కలపాలి. పోగులన్నీ కలిపి లగ్గు వేసి నొక్కించి టెర్మినల్‌లో పెడితే ఇంకా మంచిది. టన్నున్నర ఏసీకి మామూలు స్విచ్‌బోర్డులోని సాకెట్ కన్నా, విడిగా ఎంసీబీతో వచ్చే ఇనప ఏసీ బాక్సు నయం. లోపల రాజుకున్నా ఇనుము అంటుకోదు కాబట్టి. ఇక పెద్ద ప్లగ్గుని చిన్న సాకెట్లో పెట్టడానికి రోడ్డు పక్కన దొరికే కన్వర్టర్ల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. 6 ఆంపియర్ల సాకెట్ మీద 8 ఆంపియర్ల బరువు పెట్టడమే కాకుండా, మధ్యలో ఇంకో నాలుగు వదులు జాయింట్లు చేర్చడం అది.

ఆ ఫ్లాటు ఏసీకి ఇంకో జాయింటు కూడా ఉంది, దాన్ని ఇంటివాళ్లు ఎన్నడూ చూడలేదు. పాతింట్లో ఔట్‌డోర్ యూనిట్ పక్కనే ఉండేది, కొత్తింట్లో టెర్రస్ మీద. లోపలికీ బయటికీ మధ్య తీగ చాల్లేదు. మెకానిక్ ఇంకో ముక్క తెచ్చి, మెలిపెట్టి, నల్లటేపు చుట్టాడు. ఎండకి ఆ టేపు జిగురు కరిగిపోతుంది, వానకి తడుస్తుంది. ఏసీ ఇల్లు మారిన ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న, “బాబూ, తీగ మధ్యలో అతుకు వేశావా?” వేశానంటే ఆ తీగ మొత్తంగా మార్పించండి. గ్యాసుకి పెట్టే ఖర్చులో ఇది చిన్న ముక్క.

ఏసీ పేలిందంటే

“ఏసీ పేలింది” అన్న వార్తల్లో ఎక్కువ భాగం పేలుడు కాదు, పైన చెప్పినట్టు రాజుకున్న మంట. ప్లాస్టిక్ బాడీ అంటుకుని పెద్దదయ్యాక శబ్దాలు రావడం సహజం. అసలైన పేలుళ్లు మాత్రం ఎక్కువగా మెకానిక్ ఇంట్లో ఉన్నప్పుడే జరుగుతాయి, వాటికి కారణాలు కూడా స్పష్టంగా తెలుసు.

ఏసీని విప్పి తరలించే ముందు గ్యాసుని ఔట్‌డోర్ యూనిట్లోకి లాగి బంధిస్తారు. దీన్నే పంప్‌డౌన్ అంటారు. ఒక వాల్వు మూసి, కంప్రెసర్ నడిపి, గ్యాసంతా లోపలికి చేరాక రెండో వాల్వు మూసి, ఏసీ ఆపాలి. ఆ తర్వాతే పైపు విప్పాలి. తొందరపడి కంప్రెసర్ నడుస్తుండగానే పైపు వదులు చేస్తే, లేదా ముందే లీకున్న పైపుతో ఈ పని చేస్తే, కంప్రెసర్ గ్యాసుకి బదులు గాలిని పీల్చుకుంటుంది. లోపల నూనె ఉంటుంది. గాలీ నూనే కలిసి విపరీతమైన ఒత్తిడికి వేడెక్కితే డీజిల్ ఇంజిన్‌లో జరిగేదే జరుగుతుంది, కాకపోతే ఇక్కడ ఆ విసురుని తట్టుకునే సిలిండర్ లేదు. రెండో కారణం లీకు పరీక్ష. పైపుల్లో ఒత్తిడి నింపి చూడటానికి నైట్రోజన్ వాడాలి. అది చేతిలో లేక వెల్డింగుకి తెచ్చిన ఆక్సిజన్‌తో పని కానిచ్చేవాళ్లు ఉన్నారు. కంప్రెసర్ నూనెకి ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేదు. సిలిండర్ మీద ఏం రాసుందో చదివి “ఇది నైట్రోజనేనా?” అని అడగడానికి మనకి ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాల్సిన పని లేదు. ఈ రోజుల్లో కొత్త ఏసీల్లో ఎక్కువగా వస్తున్న ఆర్-32 గ్యాసు కొద్దిపాటి మండే గుణం ఉన్నది. కాబట్టి గ్యాసు పని చేసేటప్పుడు కిటికీ తీసి ఉంచాలి, పక్కగదిలో దీపం వెలుగుతుంటే ఆర్పాలి.

ఔట్‌డోర్ యూనిట్ విషయంలో మిగిలినవన్నీ ఊపిరాడటం చుట్టూ తిరుగుతాయి. గది వేడిని అది బయటికి ఊదాలి. బాల్కనీకి అద్దాలు బిగించి దాన్ని లోపలే ఉంచేస్తే, ముందు తడిబట్టలు ఆరేస్తే, జల్లెడలాంటి రేకుల్లో దుమ్ము పేరుకుంటే, ఊదిన వేడిగాలినే తిరిగి పీల్చుకుంటుంది. ఒత్తిడి పెరుగుతుంది, దానితో కరెంటూ పెరుగుతుంది. 8 ఆంపియర్లు 10 అయితే ఆ వదులు జాయింటు దగ్గర 25 వాట్లు కాస్తా 40 అవుతాయి. ఫిల్టరు కడగడం, కాయిలు కడిగించడం చల్లదనం కోసమే అనుకుంటాం. సాకెట్ ఆయుష్షు కూడా వాటి మీద ఆధారపడి ఉంది. వేసవిలో రెండు వారాలకోసారి ఫిల్టరు మనమే కడుక్కోవచ్చు, కాయిలు మాత్రం వేసవి ముందర మెకానిక్ చేత కడిగించాలి. అతను మూత తీసినప్పుడు లోపలి సర్క్యూట్ బోర్డు మీద ఎండిన బల్లి కనిపిస్తే ఆశ్చర్యపోకండి, మన వైపు బోర్డులు కాలిపోవడానికి బల్లులూ చీమలూ కూడా ఒక కారణమే. ఎక్కిన సందు ఎక్కడో చూసి మూయించండి. పక్కనే ఉండే కెపాసిటర్ పైభాగం ఉబ్బి ఉంటే అప్పుడే మార్పించండి. ఫ్యాను మూలుగుతూ తిరగలేకపోతే, చాలాసార్లు దాని సంగతే.

వంటింట్లో ఆగనిది

లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ మంటల గురించి వినని వాళ్లు తక్కువ. 2017 జూన్ 14 తెల్లవారుజామున 24 అంతస్తుల ఆ భవనం నిలువునా కాలిపోయింది, 72 మంది చనిపోయారు. గోడలకి బయట అతికించిన మండే పలకల వల్లే అది అంతగా వ్యాపించింది. మొదలైంది మాత్రం నాలుగో అంతస్తులోని ఒక వంటింట్లో, ఫ్రిజ్జులో. అక్కడుండే వ్యక్తి పొగ అలారం మోతకి లేచి చూసి అగ్నిమాపక దళానికి ఫోన్ చేసేసరికి రాత్రి 12:54. ఫ్రిజ్జులోని విద్యుత్ లోపమే మూలమని బహిరంగ విచారణ తేల్చింది. శిథిలాలను పరీక్షించిన విద్యుత్ నిపుణుడు డాక్టర్ డంకన్ గ్లోవర్ ఇంకో అడుగు ముందుకు వెళ్లారు. కంప్రెసర్ పక్కనుండే రిలే డబ్బాలో, తీగ చివర సరిగా నొక్కని లగ్గు ఒకటి వదులుగా ఉండి వేడెక్కిందని ఆయన అభిప్రాయం. మన విజయవాడ ఫ్లాటులో స్క్రూ చేసిన పనే, కాకపోతే ఇక్కడ ఫ్యాక్టరీలో.

ఫ్రిజ్జు లాగే కరెంటు ఏసీతో పోలిస్తే ఏపాటి? ఒక ఆంపియర్‌కి అటూ ఇటూ. అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు. దాని ప్రమాదం వేరే రకంది. ఏసీని పొద్దున్నే ఆపుతాం, ఫ్రిజ్జుని కొన్ననాటి నుంచి పదేళ్లు ఆపం. వెనక్కి తొంగిచూడం. దాని గోడల్లో నింపిన ఫోమ్ అంటుకుంటే వచ్చే పొగ దట్టంగా, విషంతో ఉంటుంది. కార్బన్ మోనాక్సైడే కాదు, హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది అందులో.

ఫ్రిజ్జు ముందుగా చేసే హెచ్చరిక చెవికి వినిపిస్తుంది. కంప్రెసర్ మొదలవ్వాలని ఒక మూలుగు మూలిగి, కొన్ని క్షణాలకి టిక్కుమని ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మూలిగి మళ్లీ టిక్కుమంటుంటే అది తిరగలేకపోతోందని అర్థం. తిరగని మోటారు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. టిక్కుమన్నది దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్చు. అది గంటల తరబడి అలా కొట్టుకుంటూ ఉంటే ఏదో ఒక రోజు దాని కాంటాక్టులే అతుక్కుపోతాయి. ఊళ్లలో సాయంత్రం లో వోల్టేజీ వేళ ఈ టిక్కు బాగా వినిపిస్తుంది. అప్పుడు చేయాల్సింది ఫ్రిజ్జు ఆపేయడం, వోల్టేజీ సరిగా ఉన్న వేళ కూడా అలాగే ఉంటే రిలే, ఓవర్‌లోడ్ రెండూ మార్పించడం. కరెంటు పోయి వెంటనే వచ్చినా ఇదే తంతు. లోపలి ఒత్తిడి సర్దుకోవడానికి మూడు నిమిషాలైనా కావాలి, ఆలస్యంగా ఆన్ చేసే స్టెబిలైజర్ పెట్టేది అందుకే.

ఆ స్టెబిలైజర్‌కి ఇంకో పెద్ద ఉద్యోగం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, స్తంభం మీదో, అపార్ట్‌మెంట్ మీటర్ల గదిలోనో న్యూట్రల్ తెగితే మన ఇంటికి 230కి బదులు 300 వోల్టులు, అంతకంటే ఎక్కువ కూడా రావచ్చు. బల్బులు ఒక్కసారిగా మెరిసిపోతాయి, ఫ్యాన్లు పిచ్చెత్తినట్టు తిరుగుతాయి. వీధివీధంతా టీవీలూ ఫ్రిజ్జులూ ఒకే రాత్రి కాలిపోయే సందర్భాలు ఇవే. బల్బుల వెలుగు మారినప్పుడు కారణం ఆరా తీయడం తర్వాత, ముందు మెయిన్ దించండి, ఆపైన 1912కి ఫోన్ చేయండి. హై వోల్టేజీకి కట్ అయ్యే ఏర్పాటు ఉన్న స్టెబిలైజర్ అయితే మీరు ఇంట్లో లేకపోయినా ఆ పని చేస్తుంది. అది లేని చవక రకం, పెట్టె మాత్రమే.

ఇప్పటి ఫ్రిజ్జుల్లో చాలావరకు ఆర్-600ఏ అనే గ్యాసు వాడుతున్నారు. అది ఐసోబ్యూటేన్, మన వంటగ్యాసు కుటుంబంలోదే. ఉండేది కొన్ని పదుల గ్రాములే కాబట్టి మామూలుగా భయపడాల్సింది లేదు. కానీ డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచుని కత్తితో పొడిచి తీసే అలవాటు మనకుంది. ఆ మంచు వెనకున్న సన్నటి గొట్టానికి కన్నం పడితే గ్యాసు మూసి ఉన్న పెట్టెలోకే చేరుతుంది. లోపల థర్మోస్టాటో లైటు స్విచ్చో టక్కుమంటే చాలు. ఫ్రిజ్జు ఆపి తలుపు తీసి పెడితే రెండు గంటల్లో కరిగేదానికి కత్తి ఎందుకు? వెనకనున్న కంప్రెసర్ మీద పసుపు త్రికోణంలో మంట బొమ్మ ఉంటే మీది ఆ రకమే. దానికి గ్యాసు పని చేయించేటప్పుడు, ఏ గ్యాసు నింపుతున్నాడో చూసి మరీ చేయించండి.

పెట్టే చోటు గురించి రెండే మాటలు. గోడకి జానెడు దూరం ఉంచి, ఏడాదికి రెండుసార్లు ప్లగ్గు తీసి, ముందుకు జరిపి, వెనక దుమ్ము ఊడ్చాలి. అప్పుడే తీగని ఎలుక కొరికిందేమో, ఫ్రిజ్జు కాలి కింద తీగ నలిగిందేమో కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఫ్రిజ్జుని, మిక్సీని, మైక్రోవేవ్‌ని కలిపి నడపకూడదు.

నోరున్నా నొక్కేసేది

ఏసీ దగ్గర కాపలాదారు గుడ్డివాడు. గీజరు దగ్గర అలా కాదు, కాపలాదారులు చాలామంది ఉంటారు, వాళ్లు కేకలు కూడా వేస్తారు. మనమే వాళ్ల నోరు మూస్తాం.

స్నానాల గదిలో 15 లేదా 25 లీటర్ల గీజరు 2 కిలోవాట్లది, దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు చిన్నదిగా కనిపిస్తుంది గానీ అది 3 కిలోవాట్లది, 13 ఆంపియర్లు. వేడి కరెంటుతో కాక దాని వర్గంతో పెరుగుతుంది కాబట్టి, 8 ఆంపియర్ల దగ్గర 25 వాట్లు పుట్టించిన అదే వదులు జాయింటు ఈ చిన్న గీజరు దగ్గర దాదాపు 68 వాట్లు పుట్టిస్తుంది. స్నానాల గది బయట గీజరు స్విచ్చు పసుపుపచ్చగా మారి కనిపించేది అందుకే. ఏసీకి చెప్పిన పరీక్షలన్నీ దీనికీ వర్తిస్తాయి.

గీజరు లోపల థర్మోస్టాట్ నీళ్లు కావలసినంత కాగాక ఆపుతుంది. అది పాడై ఆపకపోతే కటౌట్ అనే రెండో స్విచ్చు పూర్తిగా తెంచేస్తుంది, మెకానిక్ వచ్చి మూత తీసి బొత్తాం నొక్కితే తప్ప మళ్లీ కలవదు. ఈ రెండూ విఫలమైతే సేఫ్టీ వాల్వు ఆవిరి ఒత్తిడిని బయటికి వదులుతుంది. ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది చూడండి. గీజరు పని చేయట్లేదని మెకానిక్‌ని పిలుస్తాం. అతను కటౌట్ పడిందని చూస్తాడు. బొత్తాం నొక్కుతాడు, వారానికి మళ్లీ పడుతుంది. మూడోసారి వచ్చినప్పుడు రెండు తీగలూ కలిపేసి, “డైరెక్ట్ ఇచ్చానండీ, ఇక మీకు బాధ లేదు” అంటాడు. మనమూ సంతోషిస్తాం. ఆ రోజు నుంచి థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోతే నీళ్లు మరుగుతూనే ఉంటాయి. డైరెక్ట్ అన్న మాట వినపడగానే ఆ పని ఒప్పుకోకండి. కటౌట్ రెండోసారి పడిందంటే మార్చాల్సింది థర్మోస్టాట్, కటౌట్‌ని కాదు.

తెలంగాణలోనూ రాయలసీమలోనూ బోరు నీళ్ల ఇళ్లలో ఈ కథ ఎలిమెంట్ దగ్గర మొదలవుతుంది. గట్టినీళ్లలోని సున్నం వేడికి విడిపోయి కడ్డీ మీద పెచ్చులుగా కడుతుంది. ఆ పెచ్చు కింద చిక్కుకున్న వేడి నీళ్లలోకి వెళ్లలేక కడ్డీనే కాల్చుతుంది. నీళ్లు వేడెక్కడానికి పట్టే సమయం పెరగడం, లోపల బుడబుడమని, టపటపమని చప్పుడు రావడం దీని గుర్తులు. చివరికి కడ్డీ పైతొడుగు పగిలి నీళ్లలోకి కరెంటు వస్తుంది, అప్పుడు గీజరు వేయగానే ఆర్‌సీసీబీ పడుతుంది. అది చేసిన అత్యుత్తమమైన పని అది. దానికి బదులుగా మనవాళ్లు ఆర్‌సీసీబీని తీసేసి మామూలు స్విచ్చు పెట్టిస్తారు, లేదా ప్లగ్గులో పెద్ద పిన్ను విరిచేస్తారు, ఎర్త్ లేకపోతే పడదని. మంటకంటే ముందు అక్కడ షాక్ కాచుకుని ఉంటుంది.

బోరు నీళ్ల ఇళ్లలో ఏడాదికోసారి గీజరు విప్పించి పెచ్చులు తీయించాలి. అదే సమయంలో లోపలి మెగ్నీషియం కడ్డీని చూపించమని అడగండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను తుప్పు పట్టడమే దాని పని, సన్నబడి పుల్లలా ఉంటే కొత్తది వేయించండి. అది అయిపోయాక తుప్పు ట్యాంకుని తింటుంది, కారిన నీళ్లు కిందున్న తీగల టెర్మినల్స్ మీద పడతాయి. సేఫ్టీ వాల్వు నుంచి కాగేటప్పుడు ఒకటి రెండు చుక్కలు పడటం మామూలే. ఆగకుండా కారుతుంటే వాల్వు మార్చాలి. కారుతోందని దానికి బిరడా కొట్టడం మాత్రం గీజరుని బాంబు చేయడమే. ట్యాంకులో నీళ్లు లేవని తెలిసిన రోజు గీజరు స్విచ్చు వేయకండి, కుళాయి తిప్పి ధార వచ్చాకే వేయండి.

గీజరు లేని ఇళ్లలో బకెట్లో వేసే హీటర్ రాడ్డు దీనికంటే మొరటుది. దానికి థర్మోస్టాట్ లేదు, కటౌట్ లేదు. ప్లాస్టిక్ బకెట్లో పెట్టి పిల్లల్ని బడికి పంపే హడావిడిలో మర్చిపోతే నీళ్లు మరిగి తగ్గుతాయి, కాయిలు బయటపడి ఎర్రబడుతుంది, బకెట్ కరిగి అంటుకుంటుంది. ఇనప బకెట్ అయితే అంటుకోదు గానీ రాడ్డు పగిలితే బకెట్ మొత్తం కరెంటు. రాడ్డు మీద నీటిమట్టం గీత దాటేలా ప్లాస్టిక్ బకెట్ నింపి, వాడినంతసేపూ పక్కనే ఉండి, స్విచ్చు ఆపి ప్లగ్గు తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టగలిగిన వాళ్లే దాన్ని వాడాలి.

మంట కనిపించాక

ఇన్ని చూసుకున్నా అంటుకుంటే? మొదట మెయిన్ స్విచ్చు, అది మీకు మంట అడ్డంలేని చోట ఉంటేనే. కరెంటు తెగిందని రూఢి కాకుండా నీళ్లు పోయకూడదు. ఏబీసీ పౌడర్ లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉండి, మంట ఇంకా ప్లగ్గంత, బోర్డంత ఉన్నప్పుడు, మీ వెనక తలుపు ఉన్నప్పుడు ఒక ప్రయత్నం చేయవచ్చు. ఏసీ బాడీ గానీ ఫ్రిజ్జు వెనకభాగం గానీ అంటుకున్నాక ప్రయత్నాలు వద్దు. అందరినీ బయటికి పంపి, ఆ గది తలుపు మూసి, బయటికొచ్చి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. తలుపు మూయడం చిన్న పనిలా కనిపిస్తుంది. మామూలు చెక్క తలుపు కూడా పొగని చాలా నిమిషాలు ఆపగలదు. గుల్జార్ హౌజ్‌లో ఎక్కువ మందిని చంపింది మంట కాదు, పొగ. బయటికి రావడానికి ఒక్క ఇరుకు దారే ఉన్న ఇల్లది. కిటికీలకి తాళం వేసిన గ్రిల్లుంటే ఆ తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో పిల్లలకి కూడా తెలిసి ఉండాలి.

మంట ఆరాక, నల్లబడిన బోర్డు ముందు ఎంసీబీ పైకెత్తి చూడాలని చాలామందికి చెయ్యి లాగుతుంది. ఎత్తొద్దు. కాలిన చోటు నుంచి వెనక్కి, బోర్డు దాకా తీగ మొత్తం బయటికి లాగి చూడాలి. పైపులో తీగ తొడుగు ఎంత దూరం గట్టిపడి పెళుసుబారిందో అప్పుడే తెలుస్తుంది, అంతమేరా తీగ మార్చాలి. అదే రోజు ఇంట్లో మిగిలిన పెద్ద సాకెట్లన్నీ విప్పించి స్క్రూలు బిగించుకోండి. అదే చేత్తో, అదే తొందరలో, అదే రోజున బిగించినవే అవన్నీ.